‘మోర్ బెటర్’ తప్పే. ‘మోస్ట్ ఓల్డర్ పీపుల్’ మాత్రం తప్పు కాదు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంగ్లీషు నోటుపుస్తకాలు దిద్దేవారి ఎర్ర కలం తరచుగా ఆగే చోట్లలో తరతమ భేదాల పాఠం ఒకటి. ‘మోర్ బెటర్’, ‘మోర్ టాలర్’, ‘మోస్ట్ ఈజియెస్ట్’, ‘మోస్ట్ బెస్ట్’ అనే మాటల కింద గీత పడుతుంది. ఆ గీత న్యాయమైనదే, అందులో వాదానికి చోటు లేదు. అయితే ‘మోర్ పక్కన అర్ రాకూడదు, మోస్ట్ పక్కన ఎస్ట్ రాకూడదు’ అని సూత్రంగా కంఠస్థం చేసిన కలం అక్కడితో ఆగదు. ‘మోర్ క్లెవర్’ కింద, ‘మోస్ట్ ఆనెస్ట్’ కింద, ‘మోస్ట్ ఓల్డర్ పీపుల్’ కింద కూడా అదే గీత గీస్తుంది. ఈ మూడూ నిర్దోషమైన ఇంగ్లీషు. సరిగా రాసిన పిల్లవాడు ఆ గీతను చూసి తన వాక్యాన్ని చెడగొట్టుకుంటాడు. తప్పును వదిలేయడం కంటే ఒప్పును తప్పని దిద్దడం వల్ల జరిగే నష్టమే పెద్దది, ఎందుకంటే అది పిల్లవాడికి తన చెవి మీద ఉన్న నమ్మకాన్ని తీసేస్తుంది. అందుకని అసలు దోషం ఎక్కడ ఉన్నదో, ఏది దోషంలా కనిపించి దోషం కాకుండా పోతుందో విడదీసి చూడవలసి ఉన్నది.

ఇంగ్లీషులో ఒక గుణం ఎక్కువ అని చెప్పడానికి రెండు దారులున్నాయి. మాట చివర ‘అర్’ చేర్చడం ఒకటి, మాటకు ముందు ‘మోర్’ పెట్టడం ఇంకొకటి. అన్నిటికంటే ఎక్కువ అని చెప్పేటప్పుడు ‘ఎస్ట్’, ‘మోస్ట్’ అదే విధంగా పని చేస్తాయి. టాల్, బిగ్, కూల్ వంటి ఒకే ఊపులో పలికే మాటలూ, ఈజీ, హ్యాపీ వంటి ‘ఈ’తో ముగిసే చిన్న మాటలూ సాధారణంగా మొదటి దారిన పోతాయి. బ్యూటిఫుల్, డిఫికల్ట్ వంటి పొడుగు మాటలు రెండో దారిన పోతాయి. క్లెవర్, నారో, సింపుల్ వంటి నడిమి మాటలకు రెండు దారులూ తెరిచే ఉంటాయి. గుడ్, బ్యాడ్ వంటి కొన్ని మాత్రం ఏ ప్రత్యయాన్నీ తీసుకోకుండా రూపమే మార్చుకుని బెటర్, వర్స్ అవుతాయి. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒక్కటే: ఒక విశేషణానికి ఒక తరతమ గుర్తు చాలు. ‘బెటర్’లో ‘ఎక్కువ’ అనే భావం ఇమిడిపోయి ఉన్నది కనుక దానికి మళ్ళీ ‘మోర్’ తగిలిస్తే ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టవుతుంది. దోషం ఆ రెండు గుర్తులూ ఒకే విశేషణం మీద పడటంలో ఉన్నది కానీ, మోర్ అనే మాట పక్కన అర్ అనే చప్పుడు వినిపించడంలో లేదు.

ఈ పొరపాటు తెలుగువారికి ఎందుకంత సులభంగా వస్తుందో తెలుగులోనే వెతకాలి. తెలుగు విశేషణం తరతమ భేదం కోసం తన రూపాన్ని మార్చుకోదు. ‘అన్నకన్నా తమ్ముడు పొడుగు’ అన్నా, ‘ముగ్గురిలో చిన్నోడు పొడుగు’ అన్నా ‘పొడుగు’ పొడుగుగానే ఉంటుంది. పోలిక భారమంతా ‘కన్నా’, ‘కంటే’, ‘లో’ మోస్తాయి. ఇక ‘నయం’, ‘మేలు’ అనే రెండు మాటలు చూడండి. ‘ఆటోకన్నా బస్సే నయం’ అన్నప్పుడు ‘నయం’ పుట్టుకతోనే పోలికను మోస్తున్న మాట, ఇంగ్లీషు ‘బెటర్’కు దాదాపు సరిసమానం. అయినా దాని ముందు ‘శానా నయం’, ‘ఎంతో మేలు’ అని ఇంకొక మాట పెట్టడం తెలుగులో పూర్తిగా సహజం. ఆ ‘శానా’, ‘ఎంతో’ అనేవి పోలికను రెండోసారి చెప్పడం లేదు, తేడా ఎంత పెద్దదో చెబుతున్నాయి.

తెలుగు మాటల్లోకి ‘బెటర్’ వచ్చి చేరినప్పుడు ఈ అలవాటు దానికీ అంటుకున్నది. ‘సాగర్ పోవాలంటే బస్సు బెటర్, పొద్దుగాల బయలుదేరితే ఇంక బెటర్’ అని దేవరకొండ బస్‌స్టాండులో ఎవరైనా అంటారు. తెలుగు వాక్యంగా అందులో లోపమేమీ లేదు. చిక్కంతా ఆ ‘ఇంక’ను ఇంగ్లీషులోకి తీసుకుపోయేటప్పుడు వస్తుంది. తెలుగులో ‘ఇంకా’ రెండు పనులు చేస్తుంది. ‘ఇంకా అన్నం పెట్టు’ అన్నప్పుడు అది అదనపు పరిమాణం, ‘ఇంకా బాగుంది’ అన్నప్పుడు అది తేడా తీవ్రత. మొదటి ‘ఇంకా’కు ఇంగ్లీషులో ‘మోర్’ సరిపోతుంది. పోలిక ముందే ఉన్న మాటకు తోడుగా వచ్చే ‘ఇంకా’కు సరిపోయేవి ‘ఈవెన్’, ‘స్టిల్’. బడిలో ‘ఇంకా అంటే మోర్’ అని ఒకే అర్థం నేర్చుకున్నవారు ‘ఇంకా బెటర్’ను ‘మోర్ బెటర్’గా మార్చడం ఆశ్చర్యమేమీ కాదు. వారి ఆలోచనలో తప్పు లేదు, ఎంచుకున్న మాటలో తప్పు ఉన్నది. అందుకని ‘మోర్ కొట్టేసి బెటర్ అని మాత్రమే రాయి’ అని దిద్దితే సగం పనే అవుతుంది. పిల్లవాడు చెప్పదలచుకున్న తీవ్రత ఆ దిద్దుబాటులో పోతుంది. ‘ఈవెన్ బెటర్’ అనో, తేడా చాలా ఉన్నదని చెప్పాలంటే ‘మచ్ బెటర్’, ‘ఫార్ బెటర్’ అనో, కొంచెమే ఉన్నదంటే ‘ఎ లిటిల్ బెటర్’ అనో చూపిస్తేనే దిద్దుబాటు పూర్తవుతుంది. ‘చాలా బెటర్’ అనే మాట నుంచి పుట్టే ‘వెరీ బెటర్’ కూడా ఇదే కుటుంబంలోని తప్పు. ‘వెరీ’ మామూలు విశేషణానికి తోడుపోతుంది, పోలిక రూపానికి పోదు. కానీ అదే ‘వెరీ’ ‘ద వెరీ బెస్ట్’ అనే చోట చక్కగా ఇముడుతుంది. ‘మోస్ట్ బెస్ట్’ రాసినవారికి చూపించవలసిన సరైన రూపం అదే, లేదా ‘బై ఫార్ ద బెస్ట్’.

ఇప్పుడు దిద్దే పద్ధతిని ఒక పేరా మీద పెట్టి చూడవచ్చు. మోర్, మోస్ట్ అనే మాటలున్న తొమ్మిది వాక్యాలను ఈ పరీక్ష కోసమే, నాగార్జునసాగర్ దాపున ఉన్న ఊరి పిల్లవాడు రాసినట్టుగా కూర్చుకుందాం.

‘నాగార్జునసాగర్ ఈజ్ మోర్ బిగ్గర్ దాన్ జూరాల. మోస్ట్ ఓల్డర్ పీపుల్ ఇన్ అవర్ విలేజ్ స్టిల్ వాక్ టు ద ఫీల్డ్స్. అవర్ బోర్ వాటర్ ఈజ్ మోర్ బిట్టర్ దాన్ కృష్ణా వాటర్. ద బస్ ఈజ్ ద మోస్ట్ ఈజియెస్ట్ వే టు రీచ్ సాగర్. మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ద మోస్ట్ ఆనెస్ట్ మ్యాన్ ఇన్ ద విలేజ్. వీ నీడ్ మోర్ బిగ్గర్ ట్యాంక్స్. ఇట్ రెయిన్డ్ మోర్ ఎర్లియర్ ఇన్ ద మంత్. దిస్ సమ్మర్ వాజ్ మోర్ వర్స్ దాన్ ద లాస్ట్ వన్. వీ గాట్ మోర్ వాటర్ దిస్ ఇయర్.’

కంఠస్థ సూత్రాన్ని మనిషి కాకుండా యంత్రం పాటిస్తే ఎలా ఉంటుందో ముందు చూద్దాం. రాతలో దోషాలు వెతకడానికి కంప్యూటరుకు ఇవ్వగల అతి సులభమైన నమూనా ఇది:

```
\b(more|most)\s+\w+(er|est)\b
```

మోర్ గానీ మోస్ట్ గానీ వచ్చి, దాని వెంటనే అర్ తోనో ఎస్ట్ తోనో ముగిసే మాట వస్తే పట్టుకొమ్మని దీని అర్థం. పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా చూడవద్దని చెప్పి ఆ తొమ్మిది వాక్యాల మీద దీన్ని నడిపిస్తే ఎనిమిదింటిని పట్టుకుంటుంది. వాటిలో నిజంగా తప్పయినవి రెండే, మొదటిదీ నాలుగోదీ. ఐదు వాక్యాలలో ఏ తప్పూ లేదు. ఆరో వాక్యం సంగతి సందర్భాన్ని బట్టి తేలాలి. నిస్సందేహంగా తప్పయిన ‘మోర్ వర్స్’ మాత్రం ఈ నమూనా కళ్ళకు కనపడనే కనపడదు, ఎందుకంటే ‘వర్స్’ అనే మాట చివర ఆ ప్రత్యయం కనిపించదు. ఒకే సూత్రం ఒకవైపు అమాయకులను పట్టి, ఇంకొకవైపు దొంగను వదిలేసింది. మాటల తోక చూసి తీర్పు చెప్పే మనిషి కూడా ఇలాంటి పొరపాట్లే చేస్తాడు.

సులభమైనవి ముందు తేల్చేయవచ్చు. ‘మోర్ వాటర్’లో ‘వాటర్’ నామవాచకం, దాని అర్ అక్షరాలకూ పోలికకూ సంబంధమే లేదు. ‘మోర్ పేపర్’, ‘మోర్ పవర్’ కూడా అంతే. ‘మోర్ బిట్టర్’ కొంచెం లోతైనది. బిట్టర్ విశేషణమే, కానీ దాని చివరి అర్ పుట్టుకతో వచ్చినది. ‘బిట్’ అనే గుణమేదో ఉండి దానికి అర్ చేరలేదు. క్లెవర్, ఈగర్, టెండర్, సోబర్, ప్రాపర్ అన్నీ ఈ జాతివే. ‘ఆనెస్ట్’, ‘మోడెస్ట్’, ‘ఎర్నెస్ట్’ అనేవి ఎస్ట్ వైపున ఇలాంటివే. ‘మోస్ట్ ఆనెస్ట్’ తప్పని దిద్దితే దానికి బదులు రాయడానికి ఇంగ్లీషులో వాడుక రూపమే మిగలదు. అందుకే ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఇది: తోక తీసేస్తే వెనక ఒక మూల విశేషణం మిగులుతుందా? ఈజియెస్ట్ నుంచి ఈజీ మిగులుతుంది, బిగ్గర్ నుంచి బిగ్ మిగులుతుంది. ఆనెస్ట్ నుంచి ఏమీ మిగలదు.

ఏడో వాక్యం ఈ పరీక్షను కూడా దాటుకుపోతుంది. ఎర్లియర్ నుంచి ఎర్లీ మిగులుతుంది, ముందు మోర్ కూడా ఉన్నది, అయినా వాక్యం తప్పు కాదు. ‘నెల మొదట్లో వాన ఎక్కువ పడ్డది’ అని దాని భావం. ఇక్కడ మోర్ వెనక ఉన్న ‘రెయిన్డ్’ అనే క్రియకు చెందినది, ఎర్లియర్ ముందున్న నెలకు చెందినది. రెండూ పక్కపక్కన కూర్చున్నాయి కానీ వాటికి చుట్టరికం లేదు. చదివేటప్పుడు ‘మోర్’ తర్వాత ఒక క్షణం ఆగితే ఈ సంగతి చెవికే తెలిసిపోతుంది. ‘మోర్ ఈజియెర్’ దగ్గర అలా ఆగి చదవబోతే వాక్యం కుంటుతుంది.

అసలు చర్చంతా ‘మోస్ట్ ఓల్డర్ పీపుల్’ దగ్గర ఉన్నది. ఇంగ్లీషులో మోర్, మోస్ట్ అనే మాటలకు రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. విశేషణానికి ముందు నిలబడి గుణం ఎంత ఎక్కువో చెప్పడం ఒక ఉద్యోగం. నామవాచకానికి ముందు నిలబడి సంఖ్యో పరిమాణమో ఎంత ఎక్కువో చెప్పడం రెండోది. ఈ రెండింటికీ తెలుగులో వేర్వేరు మాటలుండటం మన అదృష్టం. గుణానికైతే ‘మరింత’, ‘అత్యంత’ అంటాము. సంఖ్యకైతే ‘మరికొన్ని’, ‘మరికొందరు’, ‘చాలామంది’, ‘ఎక్కువ శాతం’ అంటాము. ఇంగ్లీషు ఒకే మాటలో దాచిపెట్టిన తేడాను తెలుగు బయట పెడుతుంది కనుక తెలుగువారికి దీనికంటే చేతికందే పరీక్ష మరొకటి లేదు. ‘మోస్ట్ ఓల్డర్ పీపుల్’ను తెలుగులో చెప్పి చూడండి. ‘పెద్ద వయసువారిలో చాలామంది’ అని వస్తుంది, ‘అత్యంత ఎక్కువ ముసలివారు’ అని రాదు. కనుక మోస్ట్ ‘పీపుల్’కు చెందినది, ఓల్డర్‌కు కాదు. ఓల్డర్ మీద ఒకే గుర్తు ఉన్నది, అది దాని సొంత అర్. ‘మోస్ట్ యంగర్ టీచర్స్’, ‘మోస్ట్ లోయర్ కోర్ట్స్’ కూడా ఇదే కట్టుబడి. కింది కోర్టులలో ఎక్కువ భాగం అని చెప్పడానికి ఇంగ్లీషులో అది సరైన దారి.

‘ద’ అనే చిన్న మాట కూడా ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. గుణం అన్నిటికంటే ఎక్కువ అని చెప్పే మోస్ట్ ముందు సాధారణంగా ‘ద’ ఉంటుంది. ‘ద మోస్ట్ ఈజియెస్ట్ వే’ అన్నప్పుడు ఆ ‘ద’ను బట్టే మోస్ట్ విశేషణం మీద పడిందని తెలుస్తుంది. చాలామంది అనే అర్థంలో వచ్చే మోస్ట్ ముందు ‘ద’ రాదు. అయితే ఒక్క ‘ద’ ఆధారంగా తీర్పు చెప్పడం ప్రమాదం, ఎందుకంటే మన పిల్లలు ‘ద’ను అవసరమున్న చోట వదిలేయడం, అవసరం లేని చోట పెట్టడం మామూలే. తెలుగులో లేని మాట అది. దానిని రెండో సాక్షిగా పెట్టుకుని, మొదటి సాక్ష్యాన్ని అర్థం నుంచే తీసుకోవాలి.

ఇక ఆరో వాక్యం. ‘వీ నీడ్ మోర్ బిగ్గర్ ట్యాంక్స్.’ ఊళ్లో పెద్ద ట్యాంకులు ముందే రెండున్నాయి, అలాంటివి మరికొన్ని కావాలని పిల్లవాడి ఉద్దేశమైతే వాక్యం సరైనదే. ఉన్న ట్యాంకులు చిన్నవి, వాటికంటే పెద్దవి కావాలని ఉద్దేశమైతే అది ‘మోర్ బెటర్’ వంటి తప్పే. వాక్యాన్ని ఎంతసేపు చూసినా ఈ ముడి విడదు, ముందూ వెనకా ఏమున్నదో చూడాలి, లేదా రాసినవాడినే పిలిచి అడగాలి. మోర్‌ను తీసేసి చదవడం ఇక్కడ మంచి పరీక్ష. ‘వీ నీడ్ బిగ్గర్ ట్యాంక్స్’ అన్నప్పుడు చెప్పదలచుకున్నదంతా నిలిచి ఉంటే మోర్ అదనపు బరువు. ‘మరికొన్ని’ అనే భావం జారిపోతే మోర్‌కు అక్కడ పని ఉన్నది. ఉద్దేశం మంచిదే అయినా ఇలాంటి వాక్యాన్ని అలాగే వదిలేయడం కంటే చదివేవారికి అనుమానం రాకుండా మార్చుకొమ్మని సలహా ఇవ్వడం నయం. ‘మోర్ ఆఫ్ ద బిగ్గర్ ట్యాంక్స్’ అంటే ముడి విడిపోతుంది. సంఖ్యా, గుణమూ రెండూ పెరగాలంటే ‘మోర్ అండ్ బిగ్గర్ ట్యాంక్స్’ అనవచ్చు. నడుమ ఆ ‘అండ్’ రాగానే మోర్ తన పని తాను, బిగ్గర్ తన పని తాను చేసుకుంటాయి. కానీ సలహా వేరు, తప్పని గీత గీయడం వేరు. మార్కులు తీసేయడానికి ఇది కారణం కాకూడదు.

పొడుగు విశేషణాల దగ్గర ఈ సందిగ్ధం ఇంకా ఎక్కువ. ‘మోర్ ఎక్స్‌పీరియన్స్‌డ్ టీచర్స్’ అంటే మరింత అనుభవమున్న టీచర్లా, అనుభవమున్న టీచర్లు మరికొందరా? రెండూ వస్తాయి. ‘మోర్ ఓల్డర్ టీచర్స్’ దగ్గర మాత్రం, ప్రామాణికమైన ఇంగ్లీషు రాసేవారి చేతిలో, ఒకే అర్థం మిగులుతుంది. ఓల్డర్ తన గుణాన్ని తానే చెప్పేసుకున్నది కనుక మోర్‌కు సంఖ్య తప్ప వేరే పని లేదు. పైకి తప్పులా కనిపించే రూపం ఒప్పులా కనిపించే రూపం కంటే స్పష్టంగా ఉన్న సందర్భం ఇది.

ఇంతవరకూ ‘తప్పు’ అనే మాటను ఇప్పటి ప్రామాణిక రాత భాషను దృష్టిలో పెట్టుకుని వాడటం జరిగింది. ఆ తప్పు ప్రకృతి నియమం కాదు, కాలం నిర్ణయించినది. 16, 17 శతాబ్దాల ఇంగ్లీషులో జంట గుర్తులు పెద్దల రాతలోనూ ఉన్నాయి. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో ‘మోస్ట్ అన్‌కైండెస్ట్’ అని రాశాడు, ‘ద టెంపెస్ట్’లో ‘మోర్ బెటర్’ అనే మాటనే రాశాడు. 1611లో వచ్చిన ఇంగ్లీషు బైబిలులో ‘మోస్ట్ స్ట్రెయిటెస్ట్’ అని ఉన్నది. అప్పట్లో రెండు గుర్తులు కలిపితే మాటకు బలం పెరుగుతుందనే భావం ఉండేది. 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు ఒక గుణానికి రెండు గుర్తులు అనవసరమని తర్కించి దానిని బహిష్కరించారు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ వాటిని అనుచితమన్నాడు. అయినా బైబిలు కీర్తనల పాత అనువాదంలో దేవుడిని ఉద్దేశించి వచ్చే ‘మోస్ట్ హైయెస్ట్’ను మాత్రం, అందరికంటే పైనున్నవాడి కంటే పైవాడు కనుక అక్కడ అది తగినదేనని, మినహాయించాడు. లౌత్ స్వయంగా మతాధికారి. భక్తి దగ్గర తర్కాన్ని కొంచెం సడలించిన ఆ చోటు ఆయన నియమం ఎంత మానవ నిర్మితమో చూపిస్తుంది.

అంతకంటే ఆసక్తికరమైనవి బహిష్కరణ తప్పించుకుని నిలిచిపోయిన జంట రూపాలు. ‘లెస్సర్’ అనే మాటలో ‘లెస్’ ముందే పోలిక రూపం, దానికి మళ్ళీ అర్ చేరింది. 1755 నాటి తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దానిని అనాగరికమైన వికృతి అని తిట్టాడు. ఈరోజు దానిని తప్పనేవారు లేరు. ‘వర్సర్’ అనే దాని కవల మాత్రం ప్రామాణిక భాషలో బతకలేదు. రెండింటి నిర్మాణమూ ఒక్కటే, భేదమంతా వాడుక ఇచ్చిన తీర్పులో ఉన్నది. ‘నియర్’ కథ ఇంకా విచిత్రం. పాత ఇంగ్లీషులో ‘నై’ అంటే దగ్గర, దాని పోలిక రూపమే ‘నియర్’, అన్నిటికంటే దగ్గర అనే రూపం ‘నెక్స్ట్’. కాలక్రమంలో నియర్ మామూలు మాట అయిపోయి, దానికి మళ్ళీ అర్ చేరి ‘నియరర్’ పుట్టింది. పుట్టుకను బట్టి చూస్తే అది ‘మోర్ బెటర్’కు బంధువే. అయినా నియరర్ రాసిన పిల్లవాడిని ఎవరూ దిద్దరు, దిద్దకూడదు కూడా. తెలుగు మాటల్లో ‘బెటర్’ మామూలు మాటగా మారిపోయి ‘ఇంక’ను కోరుకున్నట్టే నియర్ కూడా తన పోలికను మరిచిపోయి కొత్త గుర్తును కోరుకున్నది.

మన భాషలోకి సంస్కృతం ద్వారా వచ్చిన మాటలు ఈ విషయంలో పరాయివి కావు. పేపర్లో ‘గరిష్ఠ ఉష్ణోగ్రత’, ‘కనిష్ఠ ఉష్ణోగ్రత’ అని రోజూ చదివే ‘ఇష్ఠ’ ప్రత్యయమూ ఇంగ్లీషు ‘ఎస్ట్’ ప్రత్యయమూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవే. జ్యేష్ఠ, బలిష్ఠ, శ్రేష్ఠ అన్నీ ఎస్ట్ చేరిన రూపాల వంటివి. ‘శ్రేష్ఠ’ అంటేనే అన్నిటికంటే మేలైనది. దానికి మళ్ళీ ‘తమ’ చేరిన ‘శ్రేష్ఠతమ’ అనే రూపం యజుర్వేదపు మొదటి మంత్రంలోనే ఉన్నది. ‘ఉత్తమ’లో కూడా ఆ ‘తమ’యే ఉన్నది, అయినా ‘అత్యుత్తమ’ అని రాయకుండా మనకు పొద్దు గడవదు, దానిని దోషమని ఎవరూ అనరు. కనుక రెండు గుర్తులు పెట్టడం బుద్ధిహీనత అనే మాట ఏ భాషకూ వర్తించదు. ‘మోర్ బెటర్’ తప్పు కావడానికి కారణం తర్కం కాదు, ఇప్పటి ఇంగ్లీషు రాత మర్యాద దానిని ఒప్పుకోకపోవడమే. పరీక్షలో, ఉద్యోగ దరఖాస్తులో, ఆఫీసు ఉత్తరంలో ఆ మర్యాద పాటించక తప్పదు కనుక దిద్దాలి. రాసినవారిని తెలివితక్కువవారిగా చూడటానికి మాత్రం అందులో ఆధారమేమీ లేదు.

తప్పుకూ ఒప్పుకూ నడుమ నిలబడే రూపాలు కొన్ని ఉన్నాయి. ‘మోర్ కూల్’, ‘మోర్ క్లియర్’ అనేవి జంట గుర్తులు కావు. కూలర్, క్లియరర్ అనే దారి ఉండగా రెండో దారి పట్టడం మాత్రమే. పిల్లలమర్రి నీడ ‘మోర్ కూల్’ అని రాస్తే వాక్యం కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, కూలర్ అంటే నిండుగా ఉంటుంది. దానిని ‘మోర్ కూలర్’తో సమానమైన తప్పుగా లెక్కించడం సరికాదు. పైగా ఒక సందర్భంలో చిన్న మాటకు కూడా మోర్ తప్పనిసరి అవుతుంది. ఒకే మనిషిలోని రెండు గుణాలను పోల్చి ‘ఆమెది పొగరు కాదు, సిగ్గు’ అనే భావం చెప్పాలంటే ‘షీ ఈజ్ మోర్ షై దాన్ ప్రౌడ్’ అనాలి. ‘షైయర్ దాన్ ప్రౌడ్’ అనడం కుదరదు. అలాగే టైర్డ్, బోర్డ్ వంటి క్రియ నుంచి పుట్టిన మాటలు ఎంత చిన్నవైనా మోర్‌నే కోరుకుంటాయి. రైట్, రాంగ్, రియల్ అనేవి కూడా మామూలుగా అంతే.

‘సుపీరియర్’, ‘ఇన్‌ఫీరియర్’ అనేవి లాటిన్‌లో పోలిక రూపాలు. అందుకే వాటి తర్వాత ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది. ‘మోర్ సుపీరియర్ దాన్’ అనే కట్టులో రెండు తప్పులు కలిసి ఉంటాయి, రెండింటినీ విడివిడిగా చూపించాలి. ‘మోర్ ప్రిఫరబుల్’ది కూడా ఇదే దోషం, అందులో అర్ అనే చప్పుడే లేకపోయినా. దేనికంటేనో మేలు అనే భావం ఆ మాట లోపలే ఉన్నది. దీని ముందు మాత్రం ‘మచ్ ప్రిఫరబుల్’, ‘ఫార్ ప్రిఫరబుల్’ అనే రూపాలు నిరభ్యంతరంగా చెల్లుతాయి, ‘మచ్ బెటర్’ చెల్లినట్టే. అయితే వీటి కుటుంబంలోనే ఉన్న ‘సీనియర్’ వేరే దారి పట్టింది. అది ఇంగ్లీషులో ఒక హోదా పేరుగా స్థిరపడి పోలికను చాలావరకు వదులుకున్నది కనుక ‘ఎ మోర్ సీనియర్ ఆఫీసర్’ అనే మాట ఇంగ్లండులోనూ నిరభ్యంతరంగా వాడతారు. కలెక్టరేట్ ఉత్తరాల్లో కనిపించే ‘సీనియర్‌మోస్ట్’ భారతీయ ఇంగ్లీషులో గట్టిగా వేళ్ళూనుకున్న రూపం. ఇక్కడి పాఠకుల కోసం ఇక్కడివారు రాసే ఉత్తరంలో దానిని కొట్టేయవలసిన అవసరం లేదు, బయటి దేశపు సంస్థకు పంపే ఉత్తరమైతే ‘మోస్ట్ సీనియర్’ అని మార్చుకుంటే చదివేవారికి ఇబ్బంది ఉండదు.

ఆ తొమ్మిది వాక్యాల పేరాకు తిరిగి వస్తే, దిద్దిన తర్వాత అందులో మారేవి మూడే చోట్లు. సాగర్ జూరాల కంటే ‘మచ్ బిగ్గర్’ అవుతుంది, ఎందుకంటే తేడా నిజంగానే పెద్దది. బస్సు ‘ద ఈజియెస్ట్ వే’ అవుతుంది. ఎండాకాలం ‘ఈవెన్ వర్స్’ అవుతుంది, పోయినేడు కూడా బాగా లేదని పిల్లవాడి భావమైతే. పోయినేడు ఫరవాలేదనుకుంటే వట్టి ‘వర్స్’ చాలు. ముసలివారి వాక్యం, చేదు నీళ్ళ వాక్యం, నిజాయితీపరుడైన తాత వాక్యం, నెల మొదటి వాన వాక్యం, ఈ ఏటి నీళ్ళ వాక్యం అలాగే ఉంటాయి. ట్యాంకుల వాక్యం పక్కన మాత్రం గీతకు బదులు ఒక ప్రశ్న రాయాలి: ‘ఇలాంటివి మరికొన్నా, వీటికంటే పెద్దవా?’